‘కూలి’ అన్న మాట దగ్గర ఆగిపోయిన కేస్ షీటు

(క్షయ దినోత్సవ సందర్భంగా ప్రభుత్వ వైద్యాధికారుల సభలో ఒక విశ్రాంత ఛాతీ వైద్యుని ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నుంచి సెలవు పెట్టుకోకుండానే వచ్చిన యువ వైద్యులకు నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ చెప్పిన మంచి మాటల్లో సగమైనా నిజం కాదని ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని ప్రకటించిన రోజు కాబట్టి ఈ సభ జరుగుతున్నది. క్షయ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను మాత్రం క్షయ అనుకుని నేను వైద్యం చేసిన మరో జబ్బు, రాతి దుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ గురించి, దానికి నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నల గురించి చెబుతాను.

నల్లమల దిగువనున్న ఒక పల్లె నుంచి 37 ఏళ్ల మనిషి దగ్గు, ఆయాసంతో మా ఓపీకి వచ్చాడు. పేరు, వయసు రాసుకున్నాక ‘వృత్తి’ అన్న గడి దగ్గర “ఏం పని చేస్తావు?” అని అడిగాను. “కూలి సార్, సేద్యం పనులు” అన్నాడు. ‘కూలి’ అని రాశాను. ఎక్స్‌రేలో రెండు వైపులా పై భాగాల్లో చిన్న చిన్న గుండ్రని మచ్చలు ఉన్నాయి. కళ్లె పరీక్షలో క్రిములు కనబడలేదు. అయినా పై భాగంలో మచ్చలు, పేదవాడు, బక్కచిక్కినవాడు అన్న మూడు ఆధారాలతో ఆరు నెలల క్షయ మందులు మొదలుపెట్టాను. ఏడాది తిరగకుండానే మళ్లీ వచ్చాడు. ఆ రోజుల్లో రెండోసారి వచ్చినవారికి ఎనిమిది నెలల మందులు, మొదటి రెండు నెలల్లో 24 స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లం. అవీ ఇచ్చాను. దాంతో అతని చెవుల్లో హోరు మొదలైంది కానీ ఆయాసం మాత్రం తగ్గలేదు.

మూడోసారి వచ్చినప్పుడు అతని భార్య బల్ల దగ్గరికి వచ్చి నిలబడి, “ఆ మిల్లులో చేసినోళ్లందరికీ ఇదే టీబీ సార్, ముగ్గురు పోయినారు కూడా” అంది. ఏ మిల్లు అని అడిగాను. రెండేళ్లలో ఆ ప్రశ్న నేను వేయడం అదే మొదటిసారి.

ఆ రోజు ఓపీ అయిపోయాక అతణ్ణి కూర్చోబెట్టి నలభై నిమిషాలు అడిగాను. ఆ నలభై నిమిషాల్లో అడిగినవే ఈ పూట మీకు చెప్పదలచుకున్నాను. ‘ఇప్పుడు ఏం చేస్తున్నావు’ అని మొదలుపెట్టకూడదు, ‘మొట్టమొదట చేసిన పని ఏది’ అని మొదలుపెట్టాలి. ఎందుకంటే ఈ జబ్బు బయటపడే నాటికి దానికి కారణమైన పనిని మనిషి మానేసి పదేళ్లు దాటిపోయి ఉండవచ్చు. అతను చిన్నప్పుడు మేకలు కాశాడు. 17వ ఏట బోరు బండి మీద రెండేళ్లు తిరిగాడు. 20 నుంచి 26 దాకా పలుగురాయిని పొడి చేసే మిల్లులో పనిచేశాడు. మిల్లు మూతపడ్డాక సొంత ఊరికి వచ్చి సేద్యం పనుల్లో పడ్డాడు. నాకు వినబడింది ఈ వరుసలోని చివరి మాట ఒక్కటే.

పని పేరు తెలిసినంత మాత్రాన చాలదు. మిల్లు అంటే రాయి పగలగొట్టే చోటా, మర దగ్గరా, సంచులు నింపే చోటా? అతను సంచులు నింపేవాడు. పలుగురాయి దాదాపు మొత్తం సిలికాయే. పొడి అయ్యాక దాన్ని సంచుల్లోకి నింపేటప్పుడు లేచేదే అన్నిటికన్నా సన్నని దుమ్ము. పని ఆరుబయటా, రేకుల షెడ్డులోనా? షెడ్డులో. నీళ్లు కొట్టేవారా? కొట్టేవారు కారు, తడిస్తే పొడి ముద్ద కడుతుందట. పక్కన పనిచేసేవాడి ముఖం కనబడేదా? “మధ్యాహ్నానికి కనబడదు సార్, గొంతును బట్టి ఎవరో తెలిసేది” అన్నాడు. ముఖానికి ఏం కట్టుకునేవాడివి? తువ్వాలు. ఇంటికి వెళ్లాక బట్టలు ఎవరు ఉతికేవారు, దుమ్ము ఎక్కడ దులిపేవాడివి, నీతో చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు, ఎలా ఉన్నారు? ఈ చివరి ప్రశ్నకు అతను వేళ్ల మీద పేర్లు లెక్కపెట్టుకుంటూ జవాబు చెప్పాడు.

తువ్వాలు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. కంటికి కనబడే దుమ్ము చాలామటుకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, కళ్లెతో బయటికి వచ్చేస్తుంది. ఊపిరితిత్తుల చివరి గదుల దాకా చేరేది అయిదు మైక్రాన్ల లోపు రేణువు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండనిది. తువ్వాలు నేత సందుల్లోంచి అది సులువుగా దూరిపోతుంది. కాబట్టి ‘మాస్కు కట్టుకున్నాను’ అన్న జవాబును రక్షణగా లెక్కవేయకండి, ఏది కట్టుకున్నాడో రాయండి.

ఆ పాత ఎక్స్‌రేలు మూడింటినీ వరుసగా వెలుతురు పెట్టె మీద పెట్టి చూస్తే, రెండేళ్లుగా నా కళ్లెదుటే ఉన్నది అప్పుడు కనబడింది. మచ్చలు రెండు వైపులా ఒకే తీరులో ఉన్నాయి. పద్నాలుగు నెలల మందులకు అవి చెరగలేదు, చెదరలేదు. మూడో ఫిల్ములో కొన్ని మచ్చలు కలిసి సెంటీమీటరు దాటిన గడ్డల్లా ఏర్పడుతున్నాయి. ఊపిరితిత్తుల మొదట్లోని గ్రంథుల చుట్టూ కోడిగుడ్డు పెంకులాంటి సున్నపు అంచు ఉంది. క్షయ మచ్చ సాధారణంగా ఒక వైపు ఎక్కువగా ఉంటుంది, వారాల్లో, నెలల్లో మారుతుంది, మందుకు లొంగుతుంది. సిలికోసిస్ మచ్చ ఏళ్ల మీద నెమ్మదిగా పెరుగుతుంది. అందువల్ల కొత్త ఎక్స్‌రే ఒక్కటే చూసి తీర్పు చెప్పవద్దని, ఇంట్లో పరుపు కింద దాచిన పాత ఫిల్ములు తెప్పించుకోమని మనవి చేస్తున్నాను.

దుమ్ము మానేసిన పదకొండేళ్ల తరువాత కూడా జబ్బు ఎందుకు పెరిగిందని ఒక హౌస్ సర్జన్ అప్పుడు నన్ను అడిగాడు. ఊపిరితిత్తిలోకి వచ్చిన క్రిమినైనా, రేణువునైనా మింగి శుభ్రం చేసే కణాలు ఉంటాయి. సిలికాను మింగిన కణం చచ్చిపోతుంది. చస్తూ అది విడిచే పదార్థాల వల్ల చుట్టూ మచ్చకండ పుడుతుంది, రేణువు మాత్రం అరగకుండా బయటపడి మరో కణం పొట్టలో చేరుతుంది. పని ఆగినా లోపల ఈ తంతు ఆగదు. దాన్ని వెనక్కి తిప్పే మందు ఈనాటికీ లేదు. క్షయ క్రిమిని అదుపులో పెట్టవలసినవి కూడా ఈ కణాలే. అవే దెబ్బతిన్నప్పుడు క్షయకు తలుపు తెరిచినట్టే. సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఇక్కడే నా కథలో రెండో తప్పు ఉంది. అతనికి సిలికోసిస్ అని తెలిశాక, ‘ఇది టీబీ కాదు, దుమ్ము జబ్బు, మందుల్లేవు’ అని చెప్పి పంపాను. మూడేళ్ల తరువాత సాయంత్రం జ్వరం, కళ్లెలో రక్తపు చారలు మొదలయ్యాయి. ‘ఇదీ ఆ దుమ్మేలే’ అనుకుని అతను నాలుగు నెలలు ఇంట్లోనే ఉండిపోయాడు. వచ్చేసరికి కుడివైపు పెద్ద గుల్ల ఉంది, సీబీనాట్ పరీక్షలో క్షయ తేలింది. లేనప్పుడు రెండుసార్లు మందులిచ్చినవాణ్ణి, వచ్చినప్పుడు రాకుండా చేసినవాణ్ణి నేనే. సిలికోసిస్ అని చెప్పే రోజునే ‘నీకు టీబీ రావచ్చు, జ్వరం వస్తే, బరువు తగ్గితే, రక్తం పడితే వెంటనే రా’ అని కూడా చెప్పాలి. క్షయ లేదని పరీక్షలతో తేల్చుకున్నాక నివారణ చికిత్స ఇవ్వదగినవారిలో వీరూ ఉన్నారు. మచ్చకండలో చిక్కుకున్న క్రిమి కళ్లెలోకి రాకపోవచ్చు కాబట్టి ఒక్కసారి నెగెటివ్ వస్తే ఊరుకోకుండా కల్చర్ పంపండి.

చికిత్స కాలం కూడా వేరు. హాంకాంగ్‌లో సిలికోసిస్‌తో పాటు క్షయ ఉన్నవారికి ఆరు నెలలు, ఎనిమిది నెలలు మందులిచ్చి పోల్చి 1991లో ప్రచురించారు. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టినవారు ఆరు నెలల వర్గంలో 22 శాతం, ఎనిమిది నెలల వర్గంలో 7 శాతం. మా మనిషికి ఎనిమిది నెలలు ఇచ్చాము, క్షయ నయమైంది. మిగిలిన ఊపిరితిత్తి మాత్రం చాల్లేదు. గుండె కుడి భాగం మీద భారం పడి కాళ్లకు నీరు వచ్చేది, రాత్రిళ్లు ఆక్సిజన్ కావలసి వచ్చేది. 44వ ఏట పోయాడు.

నిర్వాహకులు చీటీ పంపారు. అయినా ఆస్‌బెస్టాస్ గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, ప్రశ్నలు అవే అయినా లెక్కలు వేరు కాబట్టి. దాని మచ్చలు గుండ్రనివి కావు, గీతల్లా ఊపిరితిత్తుల కింది భాగంలో వస్తాయి. బయటపడడానికి ఇరవై ఏళ్లు, అంతకు మించి పడుతుంది. ఊపిరితిత్తి పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ ముప్పై, నలభై ఏళ్ల తరువాత కూడా రావచ్చు. అందుకని డెబ్బై ఏళ్ల మనిషిని కూడా ఇరవైలలో చేసిన పని అడగాలి. సిమెంటు రేకుల తయారీ, రేకులు కోయడం, ఓడల ఇంజిన్ గదులు, బ్రేకు లైనింగులు. కార్మికుని బట్టలు ఉతికిన భార్యకు కూడా ఈ జబ్బు వచ్చిన సంగతులు ఉన్నాయి. బట్టలు ఎవరు ఉతికేవారని ఇందాక అడిగిన ప్రశ్న అందుకే.

మీ మండలంలో మిల్లులూ క్వారీలూ లేవని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. గల్ఫ్‌లో శాండ్‌బ్లాస్టింగ్ చేసి వచ్చినవాళ్లు లేరా? వంటింటి గట్లకు రాళ్లు కోసే కుర్రవాళ్లు లేరా? గ్రానైటులో సిలికా సుమారు 30 శాతం ఉంటే, ఇప్పుడు క్వార్ట్జ్ పేరుతో అమ్మే కృత్రిమ రాయిలో 90 శాతం దాకా ఉంటుంది. దాన్ని పొడిగా కోసిన యువకులకు కొద్ది ఏళ్లలోనే జబ్బు ముదిరిపోతుండడంతో ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయినే నిషేధించింది. ‘ఏ రాయి, నీళ్లతోనా, పొడిగానా’ అన్న రెండు ప్రశ్నలకు పట్టేది అర నిమిషం.

నష్టపరిహారం కోసం అతని భార్య తిరిగినప్పుడు నియామక పత్రం అడిగారు, జీతం చీటీ అడిగారు. రెండూ లేవు. మిల్లే లేదు. అతను ఆ మిల్లులో పనిచేశాడనడానికి చేతిలో ఉన్న కాగితం ఆ నలభై నిమిషాల్లో నేను రాసుకున్న కేస్ షీటు ఒక్కటే. మొదటి రోజే రాసి ఉంటే దానికి రెండేళ్ల బలం ఉండేది. సిలికోసిస్ అని అనుమానం కలిగినా ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి వైద్యుడు తెలియజేయాలని అప్పట్లో అమలులో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 89వ సెక్షన్ చెప్పింది. నేను మొత్తం ఉద్యోగంలో అలా పంపిన నివేదికలు మూడు. వాటిలో మొదటిది ఇతనిదే, అతను పోయిన తరువాత పంపినది.

ఆ ప్రశ్నలన్నీ ఒక పేజీలో అచ్చు వేయించి తెచ్చాను. ‘వృత్తి’ గడి ఉన్నచోట అతికించుకునే కొలతలోనే ఉంది. వెనుక బల్ల మీద ఉన్నాయి, తీసుకువెళ్లండి.