అద్దెకిచ్చే బ్రేకర్ మిషన్ రివ్యూ: కొనండి, కానీ కేబుల్ మార్చి ఇవ్వండి

నమస్తే అండి. డబ్బా మీద పేరు మీకు కనిపిస్తూనే ఉంది. కాంక్రీటు, గచ్చు పగలగొట్టే ఈ 16 కిలోల బ్రేకర్‌ని కంపెనీవాళ్ళు నాకు ఉచితంగా పంపారు, తిరిగి ఇవ్వనక్కర్లేదన్నారు. రివ్యూకి డబ్బులు మాత్రం తీసుకోలేదు. ఇది తెలుసుకున్నాక నా మాట ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం. వాట్లు, దెబ్బ బలం లాంటివి మీరు ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. నాకు కావలసింది ఒక్కటే. తెనాలిలో మా ఇంటి కింద ఖాళీగా ఉన్న గదిలో దీన్ని పెట్టి అద్దెకిస్తే నాకు తలనొప్పి తగ్గుతుందా, పెరుగుతుందా?

ఈ గదిలో మొదట కుర్చీలు, షామియానా పెడదామనుకున్నాను. మా బంధువుల్లో ఒకాయనది టెంట్ హౌస్. ఆయన్ని చూశాక ఆ ఆలోచన మానేశాను. మంచి ముహూర్తం ఉన్న రోజున ఊరంతటికీ ఒకేసారి కుర్చీలు కావాలి, మూఢం వస్తే అన్నీ గదిలోనే పేర్చి ఉంటాయి. పైగా ట్రాలీ ఆటో, ఎక్కించి దించే మనుషులు, సాంబారు మరకలు కడగడం. అది గది ఉన్నవాళ్ళ వ్యాపారం కాదు, మనుషులున్నవాళ్ళ వ్యాపారం. తర్వాత కొన్నాళ్ళు కెమెరా అద్దెకిచ్చాను. మా తేమకి లెన్సుకి ఫంగస్ పట్టింది. దానికన్నా పెద్ద బాధ ఏంటంటే, తిరిగొచ్చిన కెమెరాని పది నిమిషాలు చూసినా లోపల ఏం దెబ్బతిందో తెలియదు. నాలుగు రోజుల తర్వాత తెలిస్తే ఎవర్ని అడుగుతాం?

అందుకే ఇప్పుడు ఏ వస్తువు తీసుకున్నా ముందు చూసేది ఒకటే. తిరిగొచ్చినప్పుడు గుమ్మంలోనే, అవతలి మనిషి ఎదురుగానే, దాని పరిస్థితి నేను తేల్చగలనా? ఈ మిషన్‌లో నాకు బాగా నచ్చింది కూడా దానికి సంబంధించినదే. దగ్గరగా చూపిస్తాను. మోటారుకి అటూ ఇటూ రెండు నల్లటి మూతలున్నాయి కదా, వాటి వెనకే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు ఉంటాయి. ప్లగ్ తీసేసి, ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో ఇలా తిప్పితే చాలు, స్ప్రింగు దానంతటదే కార్బన్‌ని బయటికి నెడుతుంది. నా పాత మిషన్‌కి అయితే వెనక కవర్ మొత్తం విప్పాలి. అద్దెకు తెచ్చుకున్నవాళ్ళ ఎదుట ఆ పని ఎవరు చేస్తారు? చేయరు. చేయకపోతే కార్బన్ పూర్తిగా అరిగిపోయి, అది ఆనుకుని తిరిగే కమ్యుటేటర్ మీద నిప్పురవ్వలు లేచి, రాగి గీతలు పడుతుంది. కార్బన్ జత మా దగ్గర 150 రూపాయలు. మోటారులో తిరిగే ఆర్మేచర్ పోతే ఖర్చు వేలల్లోకి వెళ్తుంది.

అరుగుదల ఎలా తెలుస్తుందంటే, ఇదిగో, ఇది కొత్తది, ఇది వాడినది. పొడవు 6, 7 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చేయాలి. ఒకటి బాగుంది కదా అని రెండోది ఒక్కటే మార్చకూడదు, జతగానే మార్చాలి. కార్బన్ తక్కువైందని బయటి నుంచి కూడా పసిగట్టవచ్చు. గాలి రంధ్రాల్లోంచి చూస్తే మెరుపులు ఎక్కువగా కనిపిస్తాయి, మిషన్ ఒక్కోసారి ఆగి ఆగి తిరుగుతుంది. మోటారు బాగానే తిరుగుతూ దెబ్బ మాత్రం పడకపోతే అది వేరే జబ్బు. లోపల గాలి ఒత్తిడిని పట్టి ఉంచే ఓ-రింగులు అరిగి ఉంటాయి, కార్బన్ మార్చి లాభం లేదు.

ఇప్పుడు నాకు మండేది చెప్తాను. ఈ కేబుల్ చూడండి. పట్టుమని రెండు మీటర్లు కూడా లేదు! పాత ఇల్లు పగలగొట్టే చోట ప్లగ్ పాయింట్ పక్కనే ఉంటుందా? కాబట్టి మేస్త్రి ఏం చేస్తాడు, సన్నటి వైరు తెచ్చి, రెండు కొసలు మెలిపెట్టి, పైన టేప్ చుడతాడు. ఆ అతుకు దగ్గరే వేడెక్కి కరుగుతుంది. లేదంటే చక్రం మీద చుట్టిన ఎక్స్‌టెన్షన్‌ని సగం కూడా విప్పకుండా వాడతాడు. చుట్టలో ఉన్న వైరుకి గాలి తగలక అది కాగిపోతుంది. పల్లెల్లో అసలే వోల్టేజ్ తక్కువ. వైరు సన్నదైతే ఇంకా పడిపోతుంది. అప్పుడు మిషన్ నెమ్మదిగా తిరుగుతుంది, లోపలి ఫ్యానూ నెమ్మదిస్తుంది, చల్లబడదు. దెబ్బ తగ్గిందని మేస్త్రి ఇంకా గట్టిగా నొక్కుతాడు. తిరిగొచ్చిన మిషన్ డబ్బా తెరవగానే కాలిన వైండింగ్ వాసన వస్తే దానికి మూలం చాలావరకు ఇదే. నాలుగు మీటర్ల మంచి రబ్బరు కేబుల్ ఇచ్చి ఉంటే కంపెనీకి ఏం పోయేది? పైగా అట్టపెట్టె మీద 'మెయింటెనెన్స్ ఫ్రీ' అని ముద్ర. ఎవరండీ ఇవి రాసేది!

నేనేం చేశానంటే, మొదటి రోజే ఎలక్ట్రీషియన్‌తో 5 మీటర్ల మూడు కోర్ల రబ్బరు కేబుల్ వేయించాను. ఎర్త్ వైరు ఉందో లేదో నేనే నిలబడి చూసుకున్నాను. దాంతోపాటు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుతో చేయించిన ఎక్స్‌టెన్షన్ కూడా నేనే ఇస్తాను. దానికి విడిగా అద్దె అడగను. బయట వైరు వాడితే అడ్వాన్స్‌లో కోత ఉంటుందని ముందే చెప్పేస్తాను.

ఇక లెక్క. మొన్న ఒక మేస్త్రి బాత్‌రూమ్ గచ్చు, మెట్ల దిమ్మె పగలగొట్టడానికి మూడు రోజులకి తీసుకున్నాడు. రోజుకి 600 చొప్పున 1,800. అడ్వాన్స్ 3,000 తీసుకున్నాను. ఆధార్ అయితే నంబర్ దాచిన మాస్క్‌డ్ కాపీ చాలన్నాను. మిషన్ ఇచ్చేటప్పుడు ఆన్ చేసి, ఉలి చూపించి, అతని ఎదుటే ఫోన్‌లో వీడియో తీశాను. తిరిగి తెచ్చినప్పుడు "అన్నా, అంతా బాగుంది, చూస్కో" అన్నాడు. చూస్తే పాయింట్ ఉలి మొన మొద్దుబారింది, వెనక కొస కూడా పుట్టగొడుగులా విచ్చుకుంది. అలా విచ్చుకున్న ఉలి మిషన్‌లో ఇరుక్కుంటుంది, లాగబోతే ముందున్న లాక్ విరుగుతుంది. మొన కమ్మరి కొలిమి దగ్గర కొట్టించి, కొస గ్రైండ్ చేయిస్తే 80 రూపాయలు. అడ్వాన్స్‌లోంచి తీసుకుంటానంటే ఏమీ అనలేదు, వీడియో ఉంది కదా. కార్బన్ అరుగుదల, గ్రీజు కలిపి ఇంకో 100 అనుకోండి. అది నా ఖర్చు. నాకు మిగిలింది 1,700. నా సమయం ఇచ్చేటప్పుడు పావుగంట, తీసుకునేటప్పుడు అరగంట.

ఆ అరగంట ఇంట్లో ఎవరో ఒకరు కేటాయించలేరంటే ఈ వ్యాపారంలోకి దిగకండి. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తెచ్చి గేటు దగ్గర పెట్టి వెళ్ళిపోతారు. అప్పుడు విప్పి చూడకపోతే మర్నాడు పొద్దున ఇంకొకరికి చెడిపోయిన మిషన్ ఇస్తారు.

నా తీర్పు అడిగితే, మిషన్ కొనండి. నా పాతదానికంటే దెబ్బ కొంచెం తక్కువే. అయినా ఆ రెండు మూతల కోసం నేను దీన్నే తీసుకుంటాను. కేబుల్ విషయంలో మాత్రం కంపెనీకి సున్నా మార్కులు.

కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు, 4 అంగుళాల గ్రైండర్ కూడా అద్దెకిస్తారా అని. ఇవ్వను. ఒకటి, దాన్ని రెండు మూడు వేలకి ఎవరైనా కొనేసుకుంటారు, అద్దె గిట్టదు. రెండోది, ఇచ్చిన గంటలోనే గార్డు విప్పేసి కట్టింగ్ చక్రం బిగించి వాడతారు. చక్రం పగిలి ఎవరి ముఖానికి తగిలినా, అద్దెకిచ్చింది నేనే కదా.