గొంతు నొప్పి తగ్గినా మెడలో బిళ్ళ ఎందుకు ఉంటుంది?

అందరికీ నమస్కారం. ఈమధ్య మధురవాడ నుంచి ఓ అమ్మమ్మగారు ఆరేళ్ల మనవణ్ణి తీసుకొచ్చారు. "తలకి నూనె రాస్తుంటే చేతికి తగిలిందండీ, ఇదేమైనా గడ్డా?" అని అడిగారు. వాడికి మూడు వారాల కిందట గొంతు నొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. కుడి దవడ మూల కింద బిళ్ళ ఒకటి మిగిలిపోయింది.

ఆ బిళ్ళ నిజానికి ఉబ్బిన లింఫు గ్రంథి. అక్కడే ఎందుకంటే, టాన్సిల్స్ నుంచి వచ్చే లింఫు అనే ద్రవం ముందుగా చేరేది ఆ గ్రంథికే. సూక్ష్మజీవులతో పోరాడే కణాలు అందులో పెరుగుతాయి, గ్రంథి ఉబ్బుతుంది. గొంతు వారంలో బాగుపడుతుంది కానీ గ్రంథి నెమ్మదిగా, నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గుతుంది. కొందరు పిల్లల్లో చిన్న బిళ్ళ నెలల తరబడి చేతికి తగులుతూనే ఉంటుంది.

బాబు బిళ్ళని స్కేలుతో కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు. మెత్తగా ఉంది, వేలితో నెడితే జరుగుతోంది. తలలో పుళ్లు, పేలు, పుచ్చిపళ్లు ఉన్నాయేమో చూశాను, ఎందుకంటే వాటివల్లా మెడలో బిళ్ళలు కడతాయి. చంకలు, గజ్జలు, పొట్ట తడిమాను. బరువు తగ్గలేదు. మందేమీ రాయలేదు. అమ్మమ్మగారికి అది నచ్చలేదనుకోండి! మూడు వారాలకి మళ్లీ చూస్తే సెంటీమీటరు కూడా లేదు. మధ్యలో రోజూ నొక్కి చూడొద్దని, బామ్ రాసి మర్దనా చేయొద్దని మాత్రం చెప్పాను.

ఇదే బిళ్ళ కాలర్ ఎముక పైన ఉండుంటే నేను ఒక్క రోజు కూడా ఆగేవాణ్ణి కాదు. గొంతు నొప్పికి అక్కడ బిళ్ళ కట్టదు. ఛాతీలోనో పొట్టలోనో ఏదో ఉందేమోనని చూడాలి, అందుకే చిన్నదైనా ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయిస్తాం. మెడలో ఎక్కడున్నా సరే, రెండు సెంటీమీటర్లు దాటి ఆరు వారాలకీ తగ్గకపోయినా, నొప్పి లేకుండా పెరుగుతున్నా, గట్టిగా రబ్బరులా ఉన్నా, కదలకపోయినా చూపించాలి. దాంతోపాటు రాత్రిళ్లు పక్క తడిసేలా చెమటలు, బరువు తగ్గడం, ఒళ్లు పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు ఉంటే ఆరు వారాలు ఆగొద్దు.

మన దగ్గర టీబీని కూడా మరచిపోకూడదు. బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తిగా ఉంటాయి, పెద్దగా నొప్పి ఉండదు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అందుకే అడుగుతాం. సూదితో కొంచెం తీసి టీబీ పరీక్షకి పంపుతాం.

అదే రోజు ఆస్పత్రికి పరిగెత్తాల్సినవి వేరు. బిడ్డ చొంగ కారుస్తూ మింగలేకపోతున్నా, మెడ తిప్పలేకపోతున్నా, ఊపిరి కష్టమైనా గొంతు వెనక చీము పట్టిందేమో చూడాలి. బిళ్ళ మీద చర్మం ఎర్రబడి వేడిగా ఉన్నా ఆలస్యం వద్దు. ఐదు రోజులు జ్వరం ఉండి కళ్లు, పెదవులు ఎర్రబడితే కవాసాకి జబ్బు కావచ్చు. దానివల్ల గుండె రక్తనాళాలు దెబ్బతినొచ్చు.

ఇంకొక్క మాట. బిళ్ళ కరగడానికని స్టెరాయిడ్ సిరప్ వాడకండి. అది లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అయితే బిళ్ళ కొన్నాళ్లు కుదించుకుపోతుంది, ముక్క పరీక్షలో కూడా సరిగ్గా దొరకదు.