డీలర్ రేట్లు, కనీస ఆర్డరు: లెక్క ఎక్కడ తప్పుతుంది?

అందరికీ నమస్కారం. ఎలక్ట్రికల్ సామాన్ల డిస్ట్రిబ్యూటర్ల వెబ్‌సైటులో డీలర్ల కోసం ఉండే విభాగంలో రెండు పనులు జరగాలి. లాగిన్ అయినవాళ్లకే రేట్లు కనబడాలి, కనీస ఆర్డరు నియమం ఎవరికీ అన్యాయం చేయకుండా పనిచేయాలి. రెండోదే కష్టం కాబట్టి మొదటిది త్వరగా ముగిస్తాను.

రేట్లు బయటికి పొక్కేది ఎక్కువగా పీడీఎఫ్ వల్లే. పేజీకి లాగిన్ పెట్టి, రేట్ల పట్టికను మాత్రం అందరికీ తెరుచుకునే ఫోల్డర్‌లో ఉంచేస్తారు. ఆ లింకును లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిచి చూడండి. తెరుచుకుంటే, మీ రేట్లు రేపు గూగుల్‌లో దొరకవచ్చు. ఇంకో పరీక్ష కూడా చేయండి. ఒక డీలర్ ఖాతాతో పేజీ చూసి, వేరే డిస్కౌంట్ ఉన్న మరో ఖాతాతో అదే పేజీ తెరవండి. మొదటివాడి రేటే కనిపిస్తే, సర్వర్ పాత పేజీని దాచుకుని అందరికీ అదే చూపిస్తోందన్నమాట. రేట్లున్న ప్రతి పేజీతో పాటు, పేజీని దాచుకోవద్దని చెప్పే ఈ హెడర్‌ను సర్వర్ పంపేలా చేయమని మీ సైటు చూసుకునేవాళ్లకు చెప్పండి:

```
Cache-Control: private, no-store
```

అలాగే రేట్లు దాచే మీట ఒకటి పెట్టించండి. డీలర్ ఆర్డరు పెట్టేది దుకాణంలో గల్లా దగ్గర కూర్చుని. ఎదురుగా కొనేవాళ్లు నిలబడి ఉంటారు. ఆ మీట నొక్కితే తెరమీద ఎమ్మార్పీ మాత్రమే మిగలాలి.

ఇక కనీస ఆర్డరు. ఒక ఉదాహరణ లెక్క కడదాం. డిస్ట్రిబ్యూటర్‌ది విజయవాడ, డీలర్‌ది తెనాలి. కనీస ఆర్డరు ₹15,000. అయితే ఏ ₹15,000? డిస్కౌంటుకు ముందా, తర్వాతా? జీఎస్టీ కలిపా, కలపకుండానా? ఇది రాసి పెట్టకపోతే ప్రతి నెలా ఫోన్లో వాదనే. డిస్కౌంటు పోయాక, జీఎస్టీ కలపక ముందు వచ్చే మొత్తాన్నే పట్టుకోవాలని నా అభిప్రాయం. మీ చేతికి వచ్చే అమ్మకం సొమ్ము అదే.

డీలర్ 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 100 అడిగాడు. ఒక్కోటి ₹62 చొప్పున ₹6,200. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు, 90 మీటర్ల కాయిళ్లు 4, ఒక్కోటి ₹1,750 చొప్పున ₹7,000. స్విచ్‌లు 50 అని కొట్టాడు, కానీ డబ్బాకు 20. ఇక్కడ చాలా సైట్లు 50ని చెప్పకుండా 60 చేసేస్తాయి. సరుకు దిగాక పది ఎక్కువొచ్చాయని డీలర్ వెనక్కి పంపుతాడు, లారీ కిరాయి ఎవరు భరించాలన్నది మళ్లీ గొడవ. 40 కావాలా, 60 కావాలా అని అడిగి, అతను ఎంచుకున్నదే తీసుకోవాలి. అతను 60 అన్నాడు, ₹28 చొప్పున ₹1,680.

మొత్తం ₹14,880. ఇంకా ₹120 తక్కువ. 18 శాతం జీఎస్టీ కలిపితే ₹17,558.40 అవుతుంది కాబట్టి, పన్నుతో కలిపి చూసే సైటు ఈ ఆర్డరును తీసేసుకుంటుంది. పన్ను లేకుండా చూసే సైటు ఆపుతుంది, ఆపాలి కూడా. కానీ ‘ఆర్డరు చెల్లదు’ అంటే డీలర్‌కు ఏం అర్థమవుతుంది? ‘ఇంకా ₹120 సరుకు కావాలి’ అని చూపించాలి. అతను ఇంకో డబ్బా స్విచ్‌లు, అంటే ₹560 కలుపుతాడు. ₹15,440తో ఆర్డరు పూర్తవుతుంది.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. గోడౌన్‌లో బల్బులు 60 మాత్రమే ఉన్నాయి. తగ్గిన 40 బల్బుల విలువ ₹2,480, కాబట్టి ఇప్పుడు బిల్లు ₹12,960కి దిగింది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కూడా కనీస మొత్తాన్ని మళ్లీ చూస్తే, బిల్లు ఆగిపోతుంది, లేదా చిన్న ఆర్డరని కిరాయి వేస్తుంది. సరుకు లేనిది మీ దగ్గర, శిక్ష డీలర్‌కు. అందుకే కనీస మొత్తాన్ని ఆర్డరు ఒప్పుకున్నప్పుడు ఒక్కసారే చూడాలి. మిగిలిన 40 బల్బులు ‘బాకీ సరుకు’గా అదే ఆర్డరు నంబరు మీద ఉండాలి, వాటికి మళ్లీ కనీస ఆర్డరు నియమం పెట్టకూడదు.

బాకీ సరుకుకు రెండు షరతులు ముందే చెప్పండి. ఒకటి, గడువు: ఉదాహరణకు 15 రోజుల్లో రాకపోతే రద్దు. రెండోది, రేటు. బల్బులకు ఆర్డరు నాటి రేటే ఇవ్వచ్చు. వైరు సంగతి వేరు, రాగి ధరను బట్టి కంపెనీలు రేట్లు మారుస్తూనే ఉంటాయి. వైరు బాకీ పడితే పంపే రోజు రేటు వర్తిస్తుందని, రేటు పెరిగితే డీలర్ ఒప్పుకున్నాకే బిల్లు చేస్తామని ఆర్డరు పెట్టే పేజీలోనే, కాయిల్ రేటు పక్కనే రాయండి. ఎక్కడో అడుగున ఉండే షరతుల పేజీలో రాస్తే దుకాణంలో ఎవరూ చదవరు.