కవర్డ్ కాల్: ప్రీమియం తీసుకుని మనం వదులుకునేది ఎంత?

[తెరపై: షేరు ధర 1000, చేతిలో 100 షేర్లు, ఒక లాట్ 100 షేర్లు]

మీ దగ్గర ఒక కంపెనీవి 100 షేర్లు ఉన్నాయి, ఇప్పుడు ధర 1000 అనుకుందాం. వాటి మీద 30 రోజుల ఎక్స్‌పైరీ ఉన్న 1050 కాల్, అంటే వాటిని 1050కి కొనుక్కునే హక్కు, అమ్మితే షేరుకి 12 చొప్పున 1200 ప్రీమియంగా మీ ఖాతాలో పడుతుంది. దీన్నే కవర్డ్ కాల్ అంటారు. షేర్లు మీ దగ్గరే ఉన్నాయి కాబట్టి, కొన్నవాడు అడిగితే ఇచ్చేయగలరు. లాట్ 100 అయితే 80 షేర్లతో ఇది కుదరదు. తక్కువపడ్డ 20 షేర్ల మీద ధర ఎంత పెరిగితే నష్టం అంత పెరుగుతుంది.

[తెరపై: గ్రాఫ్. 1050 దాటాక గీత చదునుగా మారుతుంది]

ఎక్స్‌పైరీ నాటికి షేరు 1050 దాటితే మీకు మొత్తం దక్కేది 1062. ఊరికే పట్టుకుని ఉన్నవాడితో పోలిస్తే మీరు వెనకబడేది కూడా షేరు ఆ 1062 దాటిన దగ్గర నుంచే. షేరు 1150కి వెళ్లిందనుకోండి. అతనికి 150 లాభం, మీకు 62. షేరుకి 88 వదులుకున్నారు, అంటే లాట్ మీద 8800. అదే 880కి పడితే మీ నష్టం 108. ప్రీమియం ఆపగలిగింది 12 మాత్రమే. పైకి పోయే అవకాశాన్ని అమ్మేశారు, కిందికి పడే ప్రమాదం దాదాపు అంతా మీ దగ్గరే ఉండిపోయింది. అందుకే ప్రీమియాన్ని అద్దెలా, ఊరికే వచ్చే ఆదాయంలా చూడకూడదని మేం గట్టిగా చెబుతాం.

స్ట్రైక్, అంటే షేర్లు ఇచ్చేయాల్సిన ధర, ఎంచుకునేటప్పుడు ప్రీమియం కాలమ్ కంటే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ధరకి షేర్లు పోతే నాకు నిజంగా సమ్మతమేనా? 1000 స్ట్రైక్‌కి 30 దాకా రావచ్చు, చూడటానికి బాగుంటుంది. కానీ అప్పుడు మీ గరిష్ఠ లాభం ఆ 30తోనే ఆగిపోతుంది. 1050 కాల్ డెల్టా సుమారు 0.28 ఉంటుంది. అంటే షేర్లు చేజారే అవకాశం ఉజ్జాయింపుగా నాలుగింట ఒక వంతు. పన్ను కారణంగానో మరో కారణంగానో షేర్లు అసలు వదులుకోలేనివైతే, వాటి మీద కాల్ అమ్మకపోవడమే మంచిది.

[తెరపై: 1000 → 880 → 1000]

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి నెల షేరు 880కి పడింది, 1050 కాల్ విలువ లేకుండా ముగిసింది, 12 మిగిలింది. రెండో నెల అదే 12 కోసం స్ట్రైక్‌ని 920కి దించారు. షేరు తిరిగి 1000కి లేచింది. ఊరికే పట్టుకున్నవాడికి లాభమూ లేదు, నష్టమూ లేదు. మీకు మాత్రం 920 ప్లస్ రెండు ప్రీమియంలు 24, మొత్తం 944. షేరు మొదలైన చోటికే వచ్చినా మీకు 56 నష్టం. పడిన షేరు మీద కింది స్ట్రైక్ అమ్మితే, కోలుకునే అవకాశాన్నే అమ్మేసినట్టు. పడిపోయాక 1050కి పెద్దగా ఏమీ రాదు, నిజమే. ఆ నెల అమ్మకుండా ఊరుకోవచ్చు.

ఎక్స్‌పైరీ సంగతి. ఇదే 1050 కాల్‌కి 90 రోజులకైతే 34 దాకా రావచ్చు. 30 రోజులవి వరసగా మూడు అమ్మితే, ధర అక్కడే నిలిచి ఉంటే, 36. తేడా చిన్నదే. అసలు లాభం ఏమిటంటే ప్రతి నెలా స్ట్రైక్‌ని కొత్త ధరకి తగ్గట్టు మార్చుకోవచ్చు. అందుకే 30 నుంచి 45 రోజులవి మాకు నచ్చుతాయి. అయితే ఆ గడువులో త్రైమాసిక ఫలితాలు ఉన్నాయేమో చూడండి. మామూలుగా 12 ఉండే ప్రీమియం ఒక్కసారిగా 20 కనిపిస్తే, అది మార్కెట్ పెద్ద కదలికని ఊహిస్తోందనడానికి గుర్తు.

[తెరపై: షేరు 1090, కాల్ 43, డివిడెండ్ 10]

చివరగా డివిడెండ్. గడువుకి ముందే ఎక్సర్‌సైజ్ చేయగలిగే, అంటే హక్కు వాడుకుని షేర్లు తీసుకోగలిగే కాల్ అయితేనే ఈ చిక్కు. షేరు 1090, మీరు అమ్మిన కాల్ 43లో ఉంది. అందులో 40 షేరు ధరకీ స్ట్రైక్‌కీ ఉన్న తేడా, మిగిలిన గడువుకి ఉన్న విలువ, అంటే టైమ్ వాల్యూ, 3 మాత్రమే. రేపు 10 డివిడెండ్‌కి ఎక్స్-డేట్, అంటే రేపటి నుంచి షేరు కొన్నవాళ్లకి ఆ డివిడెండ్ రాదు. కొన్నవాడు 3 పోగొట్టుకుని 10 అందుకోవచ్చు కాబట్టి ఈరోజే ఎక్సర్‌సైజ్ చేసే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు షేర్లు, డివిడెండ్ రెండూ అతనివే. షేర్లు ఉంచుకోవాలనుకుంటే ఈరోజు మార్కెట్ మూసేలోపే 43 పెట్టి కాల్ తిరిగి కొనాలి.