జ్వరం తగ్గింది సరే, ఆకలేదీ?

హాయ్ అండీ, ఎలా ఉన్నారు? న్యూజెర్సీలో మా ఎడిసన్ ఊళ్లో ఈ చలికి మా ఇంటిల్లిపాదికీ ఫ్లూ వచ్చింది, నాకైతే నాలుగు రోజులు 102 జ్వరం, అందుకే వీడియోలు లేవు. మాత్ర వేసుకోకుండానే ఒక రోజంతా 98.6 ఉండేసరికి ఇంకేంటిలే అనుకుని, మర్నాడు పొద్దున్నే కింద జిమ్‌లో ట్రెడ్‌మిల్ ఎక్కేశాను. ఆరంటే ఆరు నిమిషాలు. గుండె దడ, కాళ్లలో వణుకు, పక్కన బెంచీ మీద పావుగంట కూలబడ్డాను.

అమ్మకి ఫోన్ చేస్తే ఒకటే మాట: "కడుపులో ఏముందని పరిగెత్తావే?" నిజమే, రెండు రోజులుగా టీ, నాలుగు బిస్కెట్లు, అంతే. నోరంతా చేదు, అన్నం వాసనకే వికారం.

ఇక అమ్మ చెప్పినట్టే జావతో మొదలుపెట్టా. ఇదిగో చూడండి, గుప్పెడు బియ్యం నూకకి నాలుగు గ్లాసుల నీళ్లు, కాస్త జీలకర్ర, ఉప్పు, గరిటెకి అంటీ అంటనట్టు పల్చగా ఉడకాలి. గ్లాసు నిండా కాదు, రెండు గంటలకోసారి అర గ్లాసు, ఎందుకంటే ఒకేసారి ఎక్కువ తాగితే నాకు కక్కొచ్చేది. మూడో రోజు మెత్తటి అన్నం, పెసరకట్టు, పక్కన ఊరి నుంచి తెచ్చుకున్న పాత చింతకాయ పచ్చడి గోరంత. ఆ పులుపు నాలిక్కి తగలగానే నోట్లో నీళ్లూరాయి, వారం తర్వాత మొదటిసారి మారు అన్నం అడిగాను. మర్నాటి నుంచి రోజూ ఉడికించిన గుడ్డు కూడా.

వ్యాయామం సంగతి మాత్రం అమ్మని కాదు, నాడిని అడిగా. పొద్దున్న మంచం దిగకముందే వాచీలో చూసుకుంటా. మామూలుగా నాది 64, ఆ ట్రెడ్‌మిల్ రోజు 82 ఉంది, ముందే చూసుంటే ఎక్కేదాన్నే కాదు! జ్వరం పోయినా ఒళ్లింకా లోపల పోరాడుతూనే ఉందన్నమాట. వరసగా రెండు రోజులు 66 వచ్చాకే బయటికి నడక, అదీ 15 నిమిషాలు, అమ్మతో ఫోన్లో ఆయాసం లేకుండా మాట్లాడగలిగేంత వేగంతో. మర్నాడు పొద్దున నాడి మళ్లీ పైకెళ్తే ఆ రోజు సెలవు, వెళ్లకపోతే ఐదు నిమిషాలు ఎక్కువ.

ఒక్కటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా. నడుస్తుంటే ఛాతీలో నొప్పి, దడ ఆగకపోవడం, కళ్లు తిరగడం లాంటివి వస్తే "నీరసంలే" అని ఊరుకోకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వైరస్ వల్ల అరుదుగా గుండె కండరం వాస్తుంది, అప్పుడు పరుగులు పెడితే ప్రమాదం.

ఇవాళ 25 నిమిషాలు నడిచానండీ, మంచు పక్కకి తోసిన ఫుట్‌పాత్ మీద. తిరిగొస్తుంటే దారిలోనే ఆకలేసింది. పెనం పెట్టేశా, రెండో దోశ కాలుతోంది, ఆగండి తిప్పి వస్తా.