మీటర్ లైటు లెక్కబెట్టే సెన్సార్: మా ఇంట్లో ఎంతవరకు పనికొచ్చింది?

నమస్తే అండీ. ఇది హనుమకొండలో మా ఇంటి వరండా, ఇదిగో కరెంటు మీటర్. ఈ ఎర్ర లైటు టక్ టక్ మని మెరుస్తోంది కదా, దాని పక్కన 3200 imp/kWh అని రాసుంది. అంటే 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు. గృహజ్యోతిలో నెలకు 200 యూనిట్ల లోపే ఉండాలి కాబట్టి, బిల్లు వచ్చేదాకా ఆగకుండా రోజూ లెక్క తెలియాలనుకున్నాను.

దానికి కొన్నది ఈ ఎల్‌డీఆర్ మాడ్యూల్. వెలుగు పడితే సిగ్నల్ ఇస్తుంది, ఈఎస్‌పీ32 బోర్డు దాన్ని లెక్కబెడుతుంది. మాడ్యూల్‌కు 3.3 వోల్టులే ఇవ్వండి, 5 ఇస్తే బోర్డు పిన్ పాడవొచ్చు. మీటర్ సీలు జోలికి అస్సలు వెళ్లొద్దు. సెన్సార్‌ను బయట అద్దం మీద అతికిస్తే చాలు.

మొదటి రోజు మీటర్ 5.6 యూనిట్లు తిరిగింది. అంటే 17,920 మెరుపులు రావాలి. నా బోర్డులో 16,640 మాత్రమే ఉన్నాయి. గంటల వారీగా చూస్తే పొద్దున 7 నుంచి 9 దాకా సున్నా! సరిగ్గా ఆ టైమ్‌లోనే మా వరండాలోకి ఎండ వస్తుంది. మర్నాడు నిలబడి చూశాను. మాడ్యూల్ మీది చిన్న లైటు మీటర్‌తో పాటు మెరవాలి కదా, అది వెలిగి అలాగే ఉండిపోయింది. ఎండకే సెన్సార్ నిండిపోతే మీటర్ మెరుపు దానికి ఎలా కనబడుతుంది?

నల్ల ఫోమ్ ముక్కకు చిన్న రంధ్రం చేసి, సెన్సార్‌ను అందులో దూర్చి, చుట్టూ నల్ల టేపు వేశాను. తర్వాత ఎంత వెలుగుకు సిగ్నల్ ఇవ్వాలో మార్చే మాడ్యూల్ మీది నీలం స్క్రూ మెల్లగా తిప్పుతూ రెండు లైట్లూ కలిసి మెరిసే చోట ఆపాను. ఒక మెరుపును రెండుగా లెక్కబెట్టకుండా, ఒకటి వచ్చాక 100 మిల్లీసెకన్లు ఇంకేదీ తీసుకోవద్దని కోడ్‌లో పెట్టాను. 5 కిలోవాట్లు వాడినా మెరుపుల మధ్య 225 మిల్లీసెకన్లు ఉంటుంది, కాబట్టి ఏదీ తప్పిపోదు. ఆ రోజు మీటర్ 5.9 యూనిట్లు చూపితే నా లెక్క 18,871. రావాల్సింది 18,880. నాకు చాలా సంతోషమైంది.

నాకు బాగా నచ్చింది మాత్రం ఇది. రెండు మెరుపుల మధ్య సెకన్లు T అనుకుంటే, ఆ క్షణంలో ఎన్ని వాట్లు కాలుతున్నాయో తెలుస్తుంది:

```
W = 1125 / T
```

రాత్రి అన్నీ ఆపేశాక 25 సెకన్లకోసారి మెరిసింది, అంటే 45 వాట్లు. సెట్‌టాప్ బాక్స్ ప్లగ్గు తీశాను, 37.5 సెకన్లయింది, అంటే 30 వాట్లు. ఊరికే ఉన్న ఆ బాక్సే 15 వాట్లు తాగుతోందన్నమాట! మీ మీటర్ మీద 1600 ఉంటే 1125 బదులు 2250 వేసుకోండి.

ఒక లోటుంది. కరెంటు పోయి వస్తే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, అందుకే పది నిమిషాలకోసారి మెమరీలో సేవ్ చేయిస్తున్నాను. మీ మీటర్ మీద ఎండ పడే టైమ్ ఏదో ముందు చూసుకుని, ఆ టైమ్‌లోనే సెన్సార్‌ను పరీక్షించండి.