నిరూపణకు అందేది, ఎప్పుడూ నిజమయ్యేది: సౌండ్‌నెస్, కంప్లీట్‌నెస్

బెంగళూరులో ఆదివారం కూడా రోడ్డు మీద గంటలు గడుస్తాయని తెలిసి, తర్కశాస్త్రం గురించి తెలుగులో వినడానికి వచ్చిన మీ అందరికీ నమస్కారం. ఈ పూట రెండు మాటల గురించే మాట్లాడతాను. సౌండ్‌నెస్‌ను నిర్దుష్టత అనీ, కంప్లీట్‌నెస్‌ను సంపూర్ణత అనీ తెలుగులో చెప్పుకుందాం. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టేనని కొత్తగా చదివేవారు తరచూ అనుకుంటారు. అలా కాదని ఒక చిన్న నిరూపణ వ్యవస్థను చేతిలోకి తీసుకుని చూపిస్తాను.

మొదట రెండు విషయాలను వేరు చేసుకోవాలి. ఒక సూత్రం నిజమా కాదా అన్నది సత్యపట్టిక చెబుతుంది. p, q లాంటి అక్షరాలకు నిజం, అబద్ధం అనే విలువలను ఎన్ని రకాలుగా ఇవ్వవచ్చో అన్ని రకాలుగా ఇచ్చినా సూత్రం నిజంగానే నిలిస్తే దాన్ని టాటాలజీ అంటాం. నిరూపణ సంగతి వేరు. అందులో విలువల ప్రస్తావనే ఉండదు. ముందుగా ఒప్పుకున్న కొన్ని స్వీకృతాలు, వాటి నుంచి కొత్త వరుస రాయడానికి అనుమతించే నియమం మాత్రమే ఉంటాయి. అర్థం తెలియని మనిషి కూడా అక్షరాల ఆకారం చూసి నిరూపణ సరిగ్గా ఉందో లేదో చెప్పగలగాలి.

మనం తీసుకునే వ్యవస్థలో “అయితే” అనే ఒక్క సంధాయకమే ఉంటుంది. దాన్ని → అని రాద్దాం. A → B అబద్ధమయ్యే సందర్భం ఒక్కటే: A నిజమై, B అబద్ధం కావడం. స్వీకృతాలు రెండే. A, B, C ల స్థానంలో ఏ సూత్రాన్నైనా పెట్టుకోవచ్చు.

```
K:  A → (B → A)
S:  (A → (B → C)) → ((A → B) → (A → C))
```

నియమం ఒక్కటే, మోడస్ పోనెన్స్: A వచ్చింది, A → B వచ్చింది, కాబట్టి B రాయవచ్చు. ఈ కొద్దిపాటి సరంజామాతో “p అయితే p” అన్నంత తేలికైన మాటను నిరూపించడానికి కూడా ఐదు వరుసలు పడుతుంది.

```
1. p → ((p → p) → p)                              K
2. (p → ((p → p) → p)) →
       ((p → (p → p)) → (p → p))                  S
3. (p → (p → p)) → (p → p)                        1, 2
4. p → (p → p)                                    K
5. p → p                                          4, 3
```

నిర్దుష్టత చెప్పేది ఇది: ఈ వ్యవస్థలో నిరూపణ ఉన్న ప్రతి సూత్రమూ టాటాలజీయే. నిరూపణలు అనంతంగా ఉన్నా దీన్ని రుజువు చేయడం కష్టం కాదు, ఎందుకంటే నిరూపణలో ప్రతి వరుసా స్వీకృతమైనా కావాలి, ముందు వరుసల నుంచి నియమం ద్వారా వచ్చినదైనా కావాలి. S అబద్ధం కావాలంటే A → (B → C), A → B రెండూ నిజమై, A → C అబద్ధం కావాలి, అంటే A నిజం, C అబద్ధం. A → B నిజం కావాలి కాబట్టి B కూడా నిజం. అప్పుడు B → C అబద్ధమై, A → (B → C) కూడా అబద్ధమవుతుంది. కానీ అది నిజం కావాలని ముందే అనుకున్నాం. కాబట్టి S ఎన్నడూ అబద్ధం కాదు. K సంగతి ఇంకా సులువు, మీరే సరిచూసుకోవచ్చు. A, A → B రెండూ ఎప్పుడూ నిజమైతే B కూడా ఎప్పుడూ నిజమే. కాబట్టి మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా అబద్ధం చొరబడే సందు లేదు.

సందు ఇస్తే ఏమవుతుందో చూద్దాం. వాన పడితే సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ ఆగుతుంది. అంతమాత్రాన ట్రాఫిక్ ఆగితే వాన పడిందని కాదు, అక్కడ ఎర్రటి ఎండలోనూ ఆగుతుంది. ఈ తిరగేసిన వాదాన్నే (A → B) → (B → A) అని మూడో స్వీకృతంగా చేర్చామనుకోండి. A కు బదులు q, B కు బదులు p → p పెట్టండి. q → (p → p) అన్నది ఐదో వరుస నుంచి, K సాయంతో వచ్చేస్తుంది. దాంతో (p → p) → q వస్తుంది, ఆపైన q ఒంటరిగా వచ్చి నిలబడుతుంది. ఆ q ఏ సూత్రమైనా కావచ్చు. ఒక్క తప్పు స్వీకృతంతో ప్రతిదానికీ నిరూపణ దొరికింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగమని కోరుతున్నాను. పాడైపోయిన ఈ వ్యవస్థ సంపూర్ణమైనదే! సంపూర్ణత అడిగేది ప్రతి టాటాలజీకీ నిరూపణ ఉండాలనే తప్ప, టాటాలజీ కానివాటికి ఉండకూడదని కాదు. అలాగే ఒక్క స్వీకృతమూ లేని వ్యవస్థ ఏమీ నిరూపించదు కాబట్టి నిర్దుష్టమే. రెండు మాటలూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయి.

మరి తప్పు స్వీకృతాన్ని తీసేశాక మిగిలిన K, S ల వ్యవస్థ సంపూర్ణమేనా? దీన్ని పరీక్షించడానికి చార్లెస్ పియర్స్ 1885లో ఇచ్చిన సూత్రాన్ని తీసుకుందాం: ((A → B) → A) → A. A నిజమైతే మొత్తం నిజం. A అబద్ధమైతే A → B నిజం, (A → B) → A అబద్ధం, కాబట్టి మొత్తం మళ్లీ నిజమే. టాటాలజీ అని తేలింది. కానీ K, S లతో దీనికి నిరూపణ ఎంత వెతికినా దొరకదు. నేనూ విద్యార్థి దశలో కాగితాలు కాగితాలు నింపాను. దొరకలేదన్న మాట రుజువు కాదు, రేపు వెయ్యి వరుసల నిరూపణ ఎవరైనా తేవచ్చు కదా. నిరూపణ లేనే లేదని ఎలా చెప్పడం?

దీనికి సమాధానం నిర్దుష్టత నుంచే రావడం నాకు ఇప్పటికీ ఎంతో అందంగా అనిపిస్తుంది. రెండు విలువల పట్టికను పక్కన పెట్టి 0, ½, 1 అనే మూడు విలువల పట్టిక కట్టుకుందాం. a విలువ b ని మించకపోతే a → b విలువ 1. మించితే b విలువే దాని విలువ. ఈ కొత్త పట్టికలో కూడా K, S లకు ఎప్పుడూ 1 వస్తుంది. S కోసం 27 వరుసలు చూడాలి, ఓపికగా చేస్తే ఒక సాయంత్రం పని. A విలువ, A → B విలువ రెండూ 1 అయితే B విలువ 1 కంటే తగ్గడానికి వీల్లేదు. అంటే ఈ వ్యవస్థ నిరూపించే ప్రతి సూత్రానికీ కొత్త పట్టికలో విలువ 1 అయి తీరాలి. ఇప్పుడు పియర్స్ సూత్రంలో A కు ½, B కు 0 ఇవ్వండి. A → B విలువ 0. (A → B) → A విలువ 1. 1 → ½ విలువ ½. ఒకటి రాలేదు. కాబట్టి వెయ్యి వరుసలు రాసినా, కోటి వరుసలు రాసినా దానికి ఇక్కడ నిరూపణ లేదు. ఈ వ్యవస్థ నిర్దుష్టమే కానీ అసంపూర్ణం.

పియర్స్ సూత్రాన్నే మూడో స్వీకృతంగా చేరిస్తే “అయితే” ఒక్కదానితో రాయగల టాటాలజీలన్నిటికీ నిరూపణ దొరుకుతుంది. ఆ రుజువు నిర్దుష్టత రుజువంత చిన్నది కాదు, ఎందుకంటే అక్కడ ఉన్న నిరూపణలను తనిఖీ చేస్తే సరిపోదు, ఏ టాటాలజీ ఎదురైనా దానికి నిరూపణ కట్టే దారి చూపాలి. నిషేధం లాంటి ఇతర సంధాయకాలున్న ప్రవచన తర్కానికి అలాంటి ఫలితాన్ని ఎమిల్ పోస్ట్ 1921లో ప్రచురించారు. “అన్నీ”, “కొన్ని” అనే పరిమాణాలున్న ప్రథమ శ్రేణి తర్కానికి కుర్ట్ గోడెల్ సంపూర్ణతా ఫలితం 1930లో వెలువడింది.

ఆయనే 1931లో అంకగణితం అసంపూర్ణమని చూపారు కదా, రెండూ ఎలా పొసగుతాయని తప్పకుండా మీలో ఎవరో అడుగుతారు. అక్కడ సంపూర్ణత అంటే ప్రతి వాక్యానికైనా, దాని నిషేధానికైనా నిరూపణ ఉండాలని. మనం ఇందాకటి నుంచి మాట్లాడుతున్నది అది కాదు. ప్రవచన తర్కంలో p అనే ఒంటరి అక్షరాన్ని తీసుకోండి. దాని పట్టికలో ఒక వరుస అబద్ధం, దాని నిషేధం పట్టికలోనూ ఒక వరుస అబద్ధం. వ్యవస్థ నిర్దుష్టం కాబట్టి రెంటిలో దేనికీ నిరూపణ ఉండకూడదు, ఉండదు కూడా. అయినా పోస్ట్ చూపిన సంపూర్ణతకు దానివల్ల ఏ లోటూ రాదు, ఎందుకంటే ఆ రెండూ టాటాలజీలు కావు.